కిలో కాయ 40, అరకిలో సీసా 175

వేసవిలో ఊళ్ళో ఎవరైనా ఆవకాయ అమ్మకం మొదలుపెడితే చుట్టుపక్కల వాళ్ళకు వచ్చే మొదటి అనుమానం ఒకటే. మార్కెట్లో కిలో మామిడికాయ 40 రూపాయలుంటే అరకిలో పచ్చడి సీసాకు 200 పైన ఎందుకు అడుగుతున్నారు? పచ్చడి పెట్టేవాళ్ళలో కూడా చాలామంది దగ్గర దీనికి సరైన జవాబు ఉండదు. కాయలకింత, నూనెకింత అని నోటిలెక్క వేసి, వచ్చిన మొత్తాన్ని కిలోలతో భాగించి, పైన ఓ యాభై కలుపుకొని ధర చెప్పేస్తారు. సీజన్ అయ్యాక చూసుకుంటే సీసాలన్నీ అమ్ముడుపోయి ఉంటాయి, చేతిలో మాత్రం ఏమీ మిగలదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే కాయను తూకం వేసిన దగ్గర నుంచి సీసా మూత బిగించేదాకా వెంట నడవాలి. అలా నడిస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఆవకాయలో ఎంత వృథా అయింది అన్నదాని కంటే, ఏ దశలో వృథా అయింది అన్నది చాలా పెద్ద ప్రశ్న. కాయ దశలో పారేసిన కిలోకూ, సీసా దశలో పారేసిన కిలోకూ ఖరీదులో పోలికే లేదు.

ఇంట్లోనే పెట్టి అమ్మే ఒక మామూలు విడతను తీసుకుందాం. కింద వాడిన ధరలు లెక్క కోసం పెట్టుకున్నవి. మీ ఊళ్ళో కాయ ధర, నూనె ధర వేరుగా ఉంటే ఆ అంకెలు మార్చుకోండి. లెక్క నడిచే తీరు మాత్రం మారదు.

26 కిలోల కాయలు కొన్నాం. కిలో 40 చొప్పున 1,040 రూపాయలు. ఇంటికి తెచ్చి ఒక్కొక్క కాయనూ చేత్తో నొక్కి చూస్తే కొన్ని మెత్తగా తగులుతాయి, కొన్నిటికి దెబ్బలుంటాయి, ఒకటి రెండు లోపల రంగు తిరిగి ఉంటాయి. అలా ఒక కిలో పక్కకు పోయింది. మిగిలిన 25 కిలోలు కడిగి, తుడిచి, ఆరబెట్టి, కత్తిపీట మీద కొట్టించాం. కిలోకు 10 రూపాయల చొప్పున కొట్టుడు కూలి 250. కొట్టాక తొడిమ దగ్గరి ముక్క పోతుంది, జీడి పోతుంది, జీడి చుట్టూ ఉండే పల్చటి పొర పోతుంది, టెంక ఊడిపోయిన ముక్కలు, చితికినవి పోతాయి. వీటికి అయిదు కిలోలు. చివరకు టెంకతో సహా మిగిలిన మంచి ముక్కలు 20 కిలోలు.

అంటే 40 రూపాయల కాయ ముక్కగా మారేసరికి కిలో 64 రూపాయల 50 పైసలు అయింది. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. లెక్క రాసేటప్పుడు కాయ ధర రాస్తారు గానీ ముక్క ధర రాయరు. వేరే పచ్చళ్ళతో పోలిస్తే ఆవకాయది కాస్త మెరుగే, టెంక ముక్కతోనే ఉండిపోతుంది కాబట్టి. చెక్కు తీసి, టెంక పారేసి, ముక్కలు ఎండబెట్టే మాగాయకు ఇదే లెక్క వాడితే నిండా మునుగుతారు. మాగాయలో టెంక, చెక్కు పోవడమే కాకుండా, ఎండలో కాయలోని నీరు కూడా పోతుంది. ఆవకాయలో అలా కాదు. ఉప్పు తగిలి ముక్కలోంచి దిగిన నీరు ఊటగా మారి పిండిలోనే కలుస్తుంది. ముక్క కుంచించుకుపోతుంది తప్ప జాడీ బరువు తగ్గదు.

మన కాయల్లో ఎంత శాతం ముక్క వస్తుందో తెలుసుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. మొత్తం కాయలు కొట్టించే ముందు పది కాయలు తూచి, కొట్టించి, జీడి తీసి, తుడిచి, మళ్ళీ తూచాలి. పై లెక్కలో కొన్న కాయలో 77 శాతం ముక్కగా మిగిలింది. కాయ రకాన్ని బట్టీ వయసును బట్టీ ఇది మారుతుంది. కలెక్టరు కాయకు కండ ఎక్కువ, పులుపు తక్కువ. రసాల్లో పీచు, పులుపు ఉంటాయి, ముక్క ఏడాదంతా గట్టిగా నిలుస్తుంది. లేత కాయ చవగ్గా దొరికిందని తెస్తే టెంక ఇంకా ముదరక ముక్కకు పట్టు ఉండదు, కొట్టేటప్పుడే విడిపోతుంది. కత్తి దిగేటప్పుడు టెంక టక్కున పగిలితే కాయ అదనులో ఉన్నట్టు. కత్తి మెత్తగా దిగిపోతే లేతదన్నమాట. కోసిన చోట తెలుపు పోయి పసుపు ఛాయ కనిపిస్తే పండబోతున్నదని గుర్తు.

ఇక కలపడం. కిలో ముక్కలకు 200 గ్రాముల కారం, 180 ఉప్పు, 180 ఆవపిండి, 75 వెల్లుల్లి, 10 మెంతులు, 5 పసుపు, 450 మిల్లీలీటర్ల నువ్వుల నూనె అనుకుందాం. ఇంటింటికీ పాళ్ళు మారతాయి. కొందరు కారం, ఉప్పు, ఆవపిండి మూడూ సమంగా కొలుస్తారు, కొందరు ఉప్పు ఒక పిడికెడు తగ్గిస్తారు. తెలంగాణలో చాలా ఇళ్ళలో అల్లం వెల్లుల్లి ముద్ద వేసి, నూనె కాచి పోపు పెడతారు. ఏ పాళ్ళు వాడినా ఒక పని మాత్రం తప్పనిసరి. సోలతోనో గిన్నెతోనో కొలిచే అలవాటున్నవాళ్ళు ఒక్కసారి ఆ గిన్నెడు కారాన్నీ, గిన్నెడు ఉప్పునూ విడివిడిగా తూచి రాసుకోవాలి. గిన్నె అదే అయినా ఉప్పు బరువు తూగుతుంది, కారం తేలిగ్గా తూగుతుంది. రుచికి గిన్నె కొలత చక్కగా సరిపోతుంది కానీ కొట్టువాడు మనకు గిన్నెల లెక్కన అమ్మడు.

దినుసుల్లో కూడా కొన్నది వేరు, జాడీలోకి చేరింది వేరు. నాలుగు కిలోల కారం కావాలంటే తొడిమలకూ మర తరుగుకూ కలిపి నాలుగున్నర కిలోల మిరపకాయలు కొనాలి. కిలో 240 చొప్పున 1,080, మర కూలి 160, వెరసి 1,240 రూపాయలు. ఒలిచిన వెల్లుల్లి కిలోన్నర కావాలంటే పొట్టుకూ, పుచ్చు రెబ్బలకూ అరకిలో పోతుందని రెండు కిలోలు తేవాలి, 400 రూపాయలు. ఆవాలు ఎండబెట్టి పిండి కొట్టించేసరికి 600. రాళ్ళ ఉప్పు ఎండబెట్టి దంచితే 80. మెంతులు, పసుపు కలిపి 60. నువ్వుల నూనె తొమ్మిది లీటర్లు, గానుగది లీటరు 400 చొప్పున 3,600 రూపాయలు.

ముక్కల 1,290తో కలిపి సరుకు మొత్తం 7,270 రూపాయలు. బరువు చూస్తే 41 కిలోల 300 గ్రాములు. లీటరు నూనె కిలో తూగదు, 920 గ్రాముల దగ్గర ఉంటుంది కాబట్టి తొమ్మిది లీటర్లకు 8 కిలోల 300 గ్రాములే పట్టాను.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆవకాయ గురించి మనకున్న అంచనా తిరగబడుతుంది. జాడీలో సగం బరువు మామిడి ముక్కదే, ఖర్చులో దాని వాటా ఆరోవంతు కంటే కొంచెం ఎక్కువ. నూనె బరువులో అయిదోవంతు, ఖర్చులో దాదాపు సగం. కారానికి అయిన ఖర్చు, ముక్కలకు అయిన ఖర్చు ఇంచుమించు సమానం. మార్కెట్లో మనం గంటసేపు బేరమాడేది కాయ దగ్గర. అక్కడ కిలోకు 10 రూపాయలు తగ్గించుకున్నా సీసాకు మిగిలేది మూడున్నర రూపాయలు. నూనె లీటరుకు 50 రూపాయలు తగ్గితే సీసాకు ఆరు రూపాయలు దిగుతుంది. నువ్వుల నూనెకు బదులు లీటరు 180కి వచ్చే వేరుశనగ నూనె వాడితే ఏకంగా 26 రూపాయలు దిగుతుంది. అందుకే అంగట్లో చవగ్గా దొరికే సీసా కనపడితే నేను ముందు చీటీ మీద నూనె పేరు చదువుతాను. వేరుశనగ నూనెతో పెట్టడం తప్పేమీ కాదు, ఎన్నో ఇళ్ళలో అలాగే పెడతారు, రుచీ బాగుంటుంది. అయితే ఆ ధరను నువ్వుల నూనె సీసా ధరతో పోల్చడం న్యాయం కాదు.

నూనె ఇంత ఖరీదైనది కాబట్టి దాన్ని ఎప్పుడు పోస్తున్నామన్నది కూడా డబ్బుతో ముడిపడ్డ సంగతే. కలిపిన రోజు పచ్చడి పొడిపొడిగా కనిపిస్తుంది, చాలదేమోనన్న భయంతో చెయ్యి ధారాళమవుతుంది. మూడో రోజు మూత తీస్తే ఊట దిగి, నూనె పైకి తేలి, జాడీ రూపమే మారిపోయి ఉంటుంది. మొదటి రోజే మొత్తం పోసేసినవాళ్ళకు అప్పుడు తెలుస్తుంది ఎక్కువైందని. తొమ్మిది లీటర్లలో ఒక లీటరు ఆపి ఉంచి, మూడో రోజు తిరగగలిపాక ముక్క ఎంత పీల్చిందో చూసి పోయాలి. ముక్క నూనెలో మునగాలి. పైకి తేలి గాలి తగిలిన ముక్క దగ్గరే బూజు మొదలవుతుంది. పొదుపు కోసం నూనె తగ్గించాలనుకునేవాళ్ళు ఈ గీత దాటకూడదు.

తిరగగలిపి సీసాలకు ఎత్తేటప్పుడు బేసిన్‌కూ, గరిటెలకూ, చేతులకూ అంటుకున్నదీ, రుచి చూసినదీ కలిపి 800 గ్రాములు పోతుంది. కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి కలుపుకొని ఇంటిల్లిపాదీ ముద్దలు తినే ఆచారం ఉన్నదే, ఆ ఆనందం ఖరీదు ఈ 800 గ్రాముల్లోనే ఉంది. దాన్ని వదులుకోమని నేను చెప్పను, లెక్కలో రాసుకోమంటాను. మిగిలిన 40 కిలోల 500 గ్రాములకు అరకిలోవి 81 సీసాలు వస్తాయి. సీసా ఒక్కింటికి సరుకు ఖర్చు 90 రూపాయలు. చాలామంది లెక్క ఇక్కడే ఆగిపోతుంది. 90కి చేసి 150కి అమ్ముతున్నాం, అరవై మిగులుతోంది అనుకుంటారు.

ఆ సీసాను ఎవరూ ఊరికే ఇవ్వరు. మూతతో సహా గాజు సీసా 22 రూపాయలు, చీటీ, లోపలి సీలు కలిపి 5. కడిగి ఎండబెట్టేటప్పుడు మూడు పగులుతాయని 84 కొన్నాం. అట్టపెట్టెల్లో సర్దడానికి సీసాకు మరో 5. వెరసి 2,648 రూపాయలు. మొత్తం మామిడి ముక్కలకు అయిన ఖర్చుకు ఇది రెట్టింపు! లోపలున్న కాయ కంటే బయటున్న గాజు రెండింతలు ఖరీదన్నమాట. ప్లాస్టిక్ సీసా ఇందులో సగం కంటే తక్కువకే వస్తుంది, బరువూ తక్కువ. ఏడాది నిల్వ ఉండాల్సిన ఉప్పు, పులుపు, నూనె కలిసిన సరుక్కి నేను గాజు వైపే మొగ్గుతాను. పది రోజుల్లో తినేసే పావుకిలో ప్యాకింగ్‌కు మాత్రం గాజు పట్టుబట్టనక్కర్లేదు.

మనుషుల పని సంగతి. కాయలు కడగడం, తుడవడం, జీడి తీయడానికి ఒక రోజు ఇద్దరు, దినుసులు చూసుకుని కలపడానికి ఒక రోజు ఇద్దరు, తిరగగలిపి సీసాలకు ఎత్తి చీటీలు అతికించడానికి ఒక రోజు ఇద్దరు. ఆరు కూలిరోజులు, 500 చొప్పున 3,000 రూపాయలు. ఆ ఇద్దరిలో ఒకరు ఇంటావిడే అయినా ఆమె కూలి రాయాల్సిందే. రాయకపోతే లాభం అనుకుంటున్నది ఆమె కూలే అవుతుంది, అదీ పూర్తిగా దక్కదు. రవాణా, కరెంటు, తుడుపు గుడ్డలు వగైరాకు 400 వేద్దాం.

మొత్తం 13,318 రూపాయలు. దీన్ని 81తో భాగిస్తే సీసాకు 164 వస్తుంది. అయితే 81 సీసాలూ అమ్ముడుపోవు. రెండు రుచి చూపించడానికి విప్పుతారు. ఒకటి సర్దేటప్పుడు పగులుతుంది. ఒకదాని మూత సరిగా పట్టక నూనె మరల వెంట పాకి చీటీ అంతా తడిసిపోతుంది. లోపల పచ్చడి దివ్యంగా ఉన్నా ఆ సీసాను ఎవరూ కొనరు. ఒకదానికి బూజు. మిగిలిన 76 సీసాలే ఖర్చంతా మోయాలి. అలా చూస్తే సీసాకు 175 రూపాయలు. నోటిలెక్కలో 90 అనుకున్నది నిజంగా 175. 150కి అమ్మినవాళ్ళు సీసాకు 25 చొప్పున చేతి డబ్బు పెట్టి పంచినట్టే.

ఇప్పుడు వృథా సంగతికి వద్దాం. ఒక కిలోను నాలుగు మజిలీల్లో చూడండి. కాయగా ఉన్నప్పుడు కిలో పారేస్తే పోయేది 40 రూపాయలు. ముక్కగా పారేస్తే 65. నూనె, కారం కలిశాక పారేస్తే సరుకు విలువే 176. సీసాకు ఎక్కి, చీటీ అతికి, మూత బిగిశాక పారేస్తే రెండు సీసాల లెక్కన 330 దాకా. పైగా కిలో ముక్కలు జాడీలో కిలోగా ఉండవు, తమతో సమానమైన బరువు దినుసులనూ నూనెనూ పట్టుకుంటాయి. ఒక కిలో పచ్చికాయ చివరకు మూడు సీసాలవుతుంది. అనుమానంగా ఉన్న కిలో కాయలను 40 రూపాయలు పోతాయని పారేయలేక కలిపేస్తే, మన చేతుల్తో 500 రూపాయలకు పైగా సరుకును పణంగా పెట్టినట్టు. అదీ చెడు ఆ మూడు సీసాలకే ఆగితేనే. ఒక్క తడి ముక్క బానలో పడి మిగతా వాటితో కలిసి మూడు రోజులు ఊరితే అది ఏ సీసాలోకి పోయిందో ఎవరికీ తెలియదు.

అందుకని కాయ దశలో చెయ్యి ఉదారంగా ఉండాలి. మెత్తనివి, రంగు తిరిగినవి, దెబ్బ తగిలినవి అక్కడే తీసేయాలి. వాటిని పప్పులోకో పులిహోరలోకో వాడుకుంటే ఆ 40 కూడా పూర్తిగా పోదు. మన లెక్కలో ఒక కిలో బదులు మూడు కిలోలు ఏరేశామనుకోండి. మిగిలిన ముక్కలు దాదాపు పద్దెనిమిదిన్నర కిలోలు అవుతాయి, దినుసులూ నూనే అందుకు తగ్గట్టు తగ్గుతాయి, సీసాలు ఆరు తక్కువ వస్తాయి. అదే కూలి తక్కువ సీసాల మీద పడడం వల్ల ఒక్కోదాని మీద నాలుగైదు రూపాయలు పెరుగుతుంది. చివర్లో బూజు పట్టి ఆరు సీసాలు పోతే మాత్రం మిగతా సీసాల మీద 15 రూపాయల భారం పడుతుంది, పైగా కొన్న మనిషి మళ్ళీ రారు.

సీసా దశలో వృథాకు మూడు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి, మూడూ ముందే పసిగట్టవచ్చు. మొదటిది తడి. కడిగిన సీసాను బోర్లించి ఎండబెట్టాక కూడా మూత లోపలి మరలో నీటి చుక్క నిలుస్తుంది. సీసాను చూసి మూతను వదిలేస్తారు. రెండోది తొందర. మూడో రోజు తిరగగలపకుండా, ఊట పూర్తిగా దిగకముందే సీసాకెత్తి బిగించేస్తే లోపల పచ్చడి పొంగి నూనె పైకి తన్నుతుంది. మూత కాస్త ఉబ్బినట్టున్నా, తీయగానే పులిసిన వాసన కొట్టినా కారణం ఇదే. మూడోది సీసాను అంచుదాకా నింపడం. ఎక్కువ ఇస్తున్నామన్న తృప్తి ఉంటుంది గానీ ఎండకు నూనె వేడెక్కి పెరిగినప్పుడు పోవడానికి చోటు లేక మూతలోంచి కారుతుంది. మెడ దగ్గర ఒక వేలు మందం ఖాళీ ఉంచి, అంచును పొడి గుడ్డతో తుడిచి బిగిస్తే చీటీలు తడవవు.

నింపేటప్పుడు ఇంకొకటి చూడాలి. పెద్ద గరిటెతో ఎత్తితే ముక్కలు ముందు సీసాల్లోకి పోయి, చివరి పది సీసాలకు అడుగున మిగిలిన పిండే దిగుతుంది. బరువు అరకిలో సరిపోతుంది, కొన్నవాళ్ళకు మాత్రం ముక్కలు చేతికి తగలవు. సీసాను తక్కెడ మీద ఉంచి, ఖాళీ బరువు తీసేసి, ముందు ముక్కలు రెండొందల గ్రాములకు పైగా వేసి, తర్వాత పిండి, చివర నూనె పోస్తే ప్రతి సీసా ఒకేలా వస్తుంది. చీటీ మీద రాసే బరువు సీసా తీసేసిన బరువే కావాలి కాబట్టి తక్కెడ ఎటూ తప్పదు. ఒక్కో సీసాకు పది గ్రాములు ఎక్కువ పడిందంటే 81 సీసాలకు 800 గ్రాములు, అంటే ఒకటిన్నర సీసా మనకు తెలియకుండానే పోయినట్టు.

175 మన ఇంటి గడప దాటేదాకా అయిన ఖర్చు. నేరుగా ఇంటి దగ్గరే అమ్మితే 220 పెట్టినా సీసాకు 45 మిగులుతుంది. దుకాణంలో పెట్టాలంటే అమ్మకం ధరలో పావువంతు వాళ్ళు తీసుకుంటారనుకుందాం. అప్పుడు అదే 220లో మన చేతికి వచ్చేది 165, అంటే ఖర్చుకే పది తక్కువ. దుకాణం ద్వారా కూడా 45 మిగలాలంటే సీసా మీద 293 వేయాలి. కొరియర్‌లో పంపేటప్పుడు గాజు బరువుకూ, పగలకుండా చుట్టే అట్టకూ కూడా మనమే కడతాం. విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపేవాళ్ళు గాజు వదిలి, గట్టి ప్లాస్టిక్ సంచుల్లో రెండు మూడు పొరలుగా సీలు చేయించేది అందుకే. అలాంటి ఆర్డరు వచ్చినప్పుడు సీసా, చీటీ, పెట్టె ఖర్చు తీసేసి ప్యాకింగ్ ఖర్చు కలిపి విడిగా ధర కట్టాలి, 175 మీద కాదు.